సిగ్నల్‌ నిండుగా ఉన్నా నెట్‌ ఎందుకు నడవదు?

రాత్రి ఎనిమిదింటికి వీడియో మధ్యలో ఆగి, తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. పైన 4జీ గుర్తు ఉంది, సిగ్నల్‌ గీతలన్నీ నిండుగానే ఉన్నాయి. ఫోన్‌ ఆపి మళ్లీ ఆన్‌ చేసినా, ఎయిర్‌ప్లేన్‌ మోడ్‌లో పెట్టి తీసినా మార్పు లేదు. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్రీపెయిడ్‌ ప్లాన్లు వాడేవారికి ఇది మామూలే. చాలామంది టవర్‌ను తిట్టుకుంటారు కానీ, ఇందులో టవర్‌ తప్పేమీ లేదు. ఆ రోజు కోటా అయిపోయింది, కంపెనీ వేగం తగ్గించింది, అంతే. ఈ పద్ధతినే ఫెయిర్‌ యూసేజ్‌ పాలసీ, పొట్టిగా ఎఫ్‌యూపీ అంటారు.

మన దగ్గర రోజువారీ కోటా ఇంటింటి మాటైంది జియో వచ్చాకే. 2016 సెప్టెంబరులో మొదలైన జియో తొలుత రోజుకు 4 జీబీ ఉచితంగా ఇచ్చింది. 2017 జనవరి నుంచి దాన్ని 1 జీబీకి తగ్గించి, ఆ పైన వేగం 128 కేబీపీఎస్‌కు పడిపోతుందని చెప్పింది. ఇప్పుడు ప్రధాన కంపెనీల ప్రీపెయిడ్‌ ప్లాన్లలో ఎక్కువగా కనిపించే అంకె 64 కేబీపీఎస్‌. బీఎస్‌ఎన్‌ఎల్‌ ప్లాన్లు చాలావాటిలో అది 40.

రోజు లెక్క ఎందుకు?

ఒక టవర్‌ కింద ఉన్న ఫోన్లన్నీ ఒకే సామర్థ్యాన్ని పంచుకుంటాయి. సాయంత్రం అందరూ ఒకేసారి వీడియోలు పెడితే ఒక్కొక్కరి వాటా చిక్కిపోతుంది. కోటా మొత్తం నెలకోసారి ఇస్తే కొందరు దాన్ని మొదటి వారంలోనే ఖర్చు చేసేస్తారు. రోజుకింత అని కడితే ఆ వాడకం నెలంతా సర్దుకుంటుంది. ఇందులో కంపెనీకి ఇంకో లాభమూ ఉంది. వాడుకోని డేటా చాలా ప్లాన్లలో అర్ధరాత్రికి చెల్లిపోతుంది. మిగిలింది వారాంతానికి కలిపే ప్లాన్లు కొన్నే.

వేగం తగ్గేది టవర్‌ దగ్గర కాదు. మీ ఫోన్‌కు వచ్చే ప్రతి సమాచారమూ కంపెనీ గేట్‌వే గుండా రావాలి. కాలువ తూము దగ్గర లష్కర్‌ లాగా అది మీ సిమ్‌ పేరిట ఎంత పారిందో లెక్క కడుతూ, కోటా నిండగానే తలుపు కిందికి దించుతుంది. ఫోన్‌కూ టవర్‌కూ మధ్య సంబంధం ఎప్పటిలాగే ఉంటుంది కాబట్టి సిగ్నల్‌ గీతలు తగ్గవు. లెక్క కంపెనీ దగ్గర ఉంది గనుక ఏపీఎన్‌ మార్చండి, వీపీఎన్‌ పెట్టండి అనే చిట్కాలేవీ పనిచేయవు.

64తో ఏం నడుస్తుంది?

64 కేబీపీఎస్‌ అంటే సెకనుకు 64 కిలోబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్‌ కాబట్టి సెకనుకు వచ్చేది 8 కిలోబైట్లే. 3 ఎంబీ ఫొటో దిగడానికి ఆరు నిమిషాలు దాటుతుంది. ఓ మోస్తరు 480పీ వీడియోకు దీనికి సుమారు పదిహేను రెట్ల వేగం కావాలి. ప్లాన్‌లో ‘అన్‌లిమిటెడ్‌’ అని రాసి ఉన్నా, ఈ వేగంతో ఇరవైనాలుగు గంటలూ ఆపకుండా దించినా 700 ఎంబీ కూడా రాదు.

వాట్సాప్‌లో అక్షరాల సందేశాలు మాత్రం వెళ్తాయి. ఫోన్‌ కాల్స్‌కు ఇబ్బంది ఉండదు, 4జీ మీద వెళ్లే కాల్‌కు నెట్‌వర్క్‌లో వేరే దారి ఉంటుంది. యూపీఐతోనే చిక్కు. డబ్బు పంపే సమాచారం చిన్నదే అయినా, యాప్‌ తెరుచుకునేటప్పుడు బొమ్మలూ ప్రకటనలూ లాక్కుంటుంది. అవి వచ్చేలోపు గడువు దాటి చెల్లింపు ఆగిపోవచ్చు. అలాంటప్పుడు బ్యాంకులో నమోదైన నంబరు నుంచి *99# డయల్‌ చేస్తే నెట్‌ లేకుండానే పంపుకోవచ్చు.

కోటా అయిందా, టవర్‌ దగ్గర రద్దీనా అన్నది తేల్చుకోవడం ముఖ్యం. కంపెనీ యాప్‌లో మిగులు చూడొచ్చు. లేదా fast.com తెరిచి కాసేపాగి మళ్లీ చూడండి. ప్రతిసారీ 60 కేబీపీఎస్‌ దగ్గరే నిలబడితే కోటా అయినట్టు. ఒకసారి 300, మరోసారి 3 ఎంబీపీఎస్‌ అంటూ ఊగిసలాడితే అది రద్దీ. రద్దీలో అదనపు డేటా కొన్నా డబ్బు దండగే.

ఒకటిన్నర జీబీ ఎటు పోయింది?

ఒక డిగ్రీ విద్యార్థి రోజును లెక్కేద్దాం. పొద్దున అరగంట రీల్స్‌కు 350 ఎంబీ దాకా పోతుంది. మధ్యాహ్నం 720పీలో నలభై నిమిషాల పాఠానికి మరో 450. వాట్సాప్‌ గ్రూపుల్లో వీడియోలు వాటంతటవే దిగి ఇంకో 100 తింటాయి. మొత్తం 900. ఇంకా 600 ఎంబీ పైనే ఉంది. సాయంత్రం హాట్‌స్పాట్‌ పెట్టి, ల్యాప్‌టాప్‌ నుంచి ఒక చిన్న ఫైల్‌ పంపాడు. పది నిమిషాల్లో కోటా సున్నా.

మింగింది ఆ ఫైల్‌ కాదు. ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్‌ కూడా మామూలు వైఫై లాగే కనిపిస్తుంది. వైఫై దొరికింది కదా అని విండోస్‌ అప్‌డేట్లు, క్లౌడ్‌లోకి వెళ్లాల్సిన ఫొటోలు ఒక్కసారిగా మొదలవుతాయి. దీనికి మందు విండోస్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో ఆ హాట్‌స్పాట్‌ ప్రాపర్టీస్‌ తెరిచి Metered connection ఆన్‌ చేయాలి. అప్పుడు చాలా అప్‌డేట్లు ఆగి ఉంటాయి. ఆ హాట్‌స్పాట్‌కు ఒకసారి పెడితే చాలు.

మిగతా రెండు కన్నాలూ పూడ్చడం సులువు. వాట్సాప్‌ సెట్టింగ్స్‌లో Storage and data కింద, మొబైల్‌ డేటాలో ఉన్నప్పుడు దిగేవాటి టిక్కులన్నీ తీసేయాలి. యూట్యూబ్‌లో మొబైల్‌ నెట్‌వర్క్‌కు Data saver ఎంచుకోవాలి. పాఠాన్ని 720కి బదులు 480లో చూస్తే అక్షరాలు చదవగలిగేలానే ఉంటాయి, ఖర్చు మాత్రం బాగా తగ్గుతుంది.

5జీ ఫోన్‌ ఉన్నవారు ఇంకో మెలిక గమనించాలి. జియో, ఎయిర్‌టెల్‌ 2024 జూలై నుంచి అపరిమిత 5జీని ఎక్కువగా రోజుకు 2 జీబీ, ఆ పైన ఇచ్చే ప్లాన్లకే పరిమితం చేశాయి. అందులోనూ ఫోన్‌ 5జీ మీద ఉన్నంతసేపే కోటా తరగదు. లోపలి గదిలోకి వెళ్లి ఫోన్‌ 4జీకి దిగితే మళ్లీ కోటా నుంచే కోత. సినిమా పెట్టేముందు పైన ఏ గుర్తు ఉందో చూసుకోవాలి.

ఇంట్లో ఫైబర్‌ కనెక్షన్‌ ఉంటే పరిస్థితి వేరు. 2016లో ట్రాయ్‌ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఫిక్స్‌డ్‌ బ్రాడ్‌బ్యాండ్‌లో కోటా దాటినా వేగం 512 కేబీపీఎస్‌ కన్నా తగ్గకూడదు. ఆ ఆదేశం మొబైల్‌ డేటాకు వర్తించదు. అందుకే పెద్ద డౌన్‌లోడ్లను ఇంటి వైఫైకి వదిలేయడం మేలు.

ఇంత చేసినా కోటా అయిపోతే, బూస్టర్‌ కొనేముందు గడియారం చూడండి. సాధారణంగా కొత్త కోటా అర్ధరాత్రి పన్నెండింటికి వస్తుంది. రాత్రి పదింటికి ఒక్కరోజు బూస్టర్‌ కొంటే రెండు గంటల కోసం డబ్బు పెట్టినట్టే. ప్లాన్‌ ఉన్నన్నాళ్లూ చెల్లే బూస్టర్‌ అయితే మిగిలింది తర్వాత రోజులకు పనికొస్తుంది. నెలలో బూస్టర్లకు పెట్టింది కూడి చూసి, అది పై ప్లాన్‌కూ మీ ప్లాన్‌కూ ఉన్న తేడాను దాటుతుంటే, వచ్చే రీఛార్జ్‌కు పై ప్లాన్‌ వేయించుకోవడమే చవక.