కరెంటు వస్తోంది, చార్జింగ్ ఎక్కడం లేదు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో లాప్‌టాప్‌లు బాగుచేసే షాపులకు కొదవ లేదు. అలాంటి ఓ షాపుకి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి నాలుగేళ్ల నాటి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. అడాప్టర్ పెడితే లాప్‌టాప్ పనిచేస్తుంది. కానీ బ్యాటరీ 43 శాతం దగ్గరే ఆగిపోయింది. గుర్తు మీద క్లిక్ చేస్తే "plugged in, not charging" అని వస్తోంది. "బ్యాటరీ పోయింది, కొత్తది వేసేయండన్నా" అన్నాడు కుర్రాడు. మెకానిక్ మాత్రం బ్యాటరీ జోలికి పోలేదు. "ఈమధ్య లాప్‌టాప్ స్లో కూడా అయిందా?" అని అడిగాడు. అయిందన్నాడు కుర్రాడు.

ఆ ఒక్క జవాబుతో మెకానిక్ అనుమానం బ్యాటరీని వదిలి అడాప్టర్ మీదికి మళ్లింది.

ఎందుకో తెలియాలంటే ముందు ఆ సందేశాన్ని సరిగ్గా చదవాలి. కరెంటు అసలు అందకపోతే లాప్‌టాప్ బ్యాటరీ మీదే నడుస్తున్నట్టు చూపిస్తుంది. అలా కాకుండా "ప్లగ్ పెట్టారు, చార్జ్ కావడం లేదు" అంటోందంటే, కరెంటు లోపలికి వస్తోందని, బ్యాటరీలోకి మాత్రం పంపడం లేదని అర్థం. పంపాలా వద్దా అన్నది మదర్‌బోర్డు మీది ఓ చిన్న కంట్రోలర్ చిప్ తేల్చుకుంటుంది. అది వద్దనుకోవడానికి సాధారణంగా కనిపించే కారణాలు మూడు: సెట్టింగ్‌లో ఎవరైనా ఆపి ఉంచడం, అడాప్టర్‌ని అది నమ్మకపోవడం, బ్యాటరీని నమ్మకపోవడం.

మొదటిది పైసా ఖర్చు లేనిది. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే లాప్‌టాప్‌లలో బ్యాటరీ త్వరగా దెబ్బతినకుండా 60 లేదా 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సదుపాయాన్ని చాలా కంపెనీలు ఇస్తున్నాయి. లెనోవోలో దాని పేరు కన్జర్వేషన్ మోడ్. అంకె ప్రతిసారీ ఒకే గుండ్రని సంఖ్య దగ్గర ఆగుతోందంటే ముందు ఆ సెట్టింగ్ చూడాలి. కుర్రాడి లాప్‌టాప్ ఆగింది 43 దగ్గర. ఆ మధ్య కరెంటు పోయినప్పుడల్లా కొంత కొంత తగ్గుతూ వచ్చిందే తప్ప మళ్లీ ఎక్కలేదు. కాబట్టి ఇది సెట్టింగ్ వ్యవహారం కాదు.

రెండోది అడాప్టర్. మెకానిక్ మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల వైరు మొనని గుండ్రటి పిన్ను బయటి గొట్టానికి, ఎర్ర వైరు మొనని లోపలి అంచుకి ఆనించాడు. 19.5 వోల్టులు చూపించింది. అడాప్టర్ మీద రాసి ఉన్నదీ అంతే. చాలామంది ఇక్కడే "అడాప్టర్ బాగానే ఉంది" అనుకుని బ్యాటరీ మార్చేస్తారు.

డెల్ లాంటి కంపెనీల గుండ్రటి పిన్ను లోపలికి తొంగి చూస్తే మధ్యలో సూదిలాంటి సన్నని పిన్ను ఒకటి కనిపిస్తుంది. అది కరెంటు తీసుకెళ్లదు, అడాప్టర్ గుర్తింపు కార్డు చూపిస్తుంది. డెల్ అడాప్టర్లలో ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది. "నాది 65 వాట్లు" లేదా "నాది 90 వాట్లు" అన్న సమాచారాన్ని అది ఆ సన్న పిన్ను గుండా లాప్‌టాప్‌కి అందిస్తుంది. ఆ మాట వినపడకపోతే, వచ్చిన అడాప్టర్ ఎంత బరువు మోయగలదో లాప్‌టాప్‌కి తెలియదు. అందుకని జాగ్రత్తపడి చార్జింగ్ ఆపేస్తుంది, ప్రాసెసర్ వేగాన్నీ తగ్గించేస్తుంది. కుర్రాడి లాప్‌టాప్ స్లో కావడానికి కారణం అదే. మల్టీమీటర్ వోల్టులనే కొలుస్తుంది, ఈ గుర్తింపుని చదవలేదు.

ఇంట్లో కొలిచేవాళ్లకి ఒక హెచ్చరిక. మీటరు మొన జారి లోపలి అంచుని, మధ్య పిన్నుని కలిపిందంటే 19.5 వోల్టులు నేరుగా ఆ చిప్‌లోకి పోతాయి. బాగున్న అడాప్టర్ కూడా ఆ క్షణంలోనే పాడవచ్చు.

గుర్తింపు అందుతోందో లేదో చూడటానికి పరికరాలేవీ అక్కర్లేదు. మెకానిక్ లాప్‌టాప్ ఆన్ చేస్తూనే F2 నొక్కి బయాస్‌లోకి వెళ్లాడు. బ్యాటరీ సమాచారం ఉన్న పేజీలో అడాప్టర్ ఎన్ని వాట్లో ఉండాల్సిన చోట "Unknown" అని ఉంది. అదే పేజీలో బ్యాటరీ పేరు, శాతం సరిగ్గానే కనిపిస్తున్నాయి.

ఇప్పుడు తప్పు అడాప్టర్ వైరుదా, లాప్‌టాప్ వైపు చార్జింగ్ జాక్‌దా? షాపులో ఉన్న అదే రకం మరో అడాప్టర్ పెట్టి చూస్తే "65 W" అని వచ్చింది. అంటే జాక్ బాగానే ఉంది. పాత అడాప్టర్ వైరుని పిన్ను దగ్గర ఒక పక్కకి వంచి పట్టుకుని, తీసి మళ్లీ పెడితే ఒకసారి 65 అంది, వదిలేసి పెడితే మళ్లీ "Unknown". మంచం మీద, ఒళ్లో పెట్టుకుని వాడేటప్పుడు వైరు మాటిమాటికీ మడతపడే చోటు అదే. కరెంటు తెచ్చే వైర్లు కాస్త మందం కనుక తట్టుకుంటాయి. గుర్తింపు వైరు వెంట్రుకంత సన్నం, అదే ముందు తెగుతుంది.

రెండో అడాప్టర్‌తోనూ "Unknown" వచ్చి ఉంటే అనుమానం జాక్ మీదికి పోయేది. జాక్‌లో పిన్ను ఊగుతోందా, లోపల దుమ్ము పేరుకుందా, నల్లగా కాలిన గుర్తులున్నాయా అని టార్చ్ వేసి చూస్తారు. చాలా మోడళ్లలో జాక్ చిన్న వైరుతో విడిగా వస్తుంది, ఊడదీసి మార్చేయవచ్చు. కొన్నింటిలో మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, అప్పుడు పని పెద్దదవుతుంది.

ఇక మూడోది బ్యాటరీ. అడాప్టర్ వాట్లు సరిగ్గా కనిపిస్తూ, బ్యాటరీ ఉండాల్సిన చోట "Not Installed" అని ఉంటే, బ్యాటరీ కనెక్టర్ వదులైందేమో చూడాలి. బ్యాటరీ కూడా తన వేడి ఎంతో, తనలో ఎంత మిగిలిందో సన్నని వైర్ల ద్వారా చెబుతూనే ఉంటుంది. ఆ మాట ఆగినా, మరీ వేడెక్కినా చార్జింగ్ ఆగుతుంది. నెలల తరబడి సున్నా మీద బీరువాలో పడి ఉన్న బ్యాటరీ ఒక్కోసారి ఇక ఎప్పటికీ చార్జ్ తీసుకోదు. టచ్‌ప్యాడ్ పైకి ఉబికి కనిపిస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఇక పరీక్షలు మానేసి, అడాప్టర్ తీసి, బ్యాటరీని తీయించేయాలి.

బ్యాటరీలో సత్తువ ఎంత మిగిలిందో విండోస్‌నే అడగవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ ఒక్క లైను టైప్ చేస్తే చాలు:

```
powercfg /batteryreport
```

రిపోర్టు ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చెబుతుంది. అందులో "Design Capacity" అంటే కొత్తలో ఉన్న సామర్థ్యం, "Full Charge Capacity" అంటే ఇప్పుడు పట్టేది. కుర్రాడి బ్యాటరీలో మొదటిది 42,000, రెండోది సుమారు 31,000. నాలుగేళ్ల బ్యాటరీకి అది తీసిపారేసే లెక్క కాదు. రెండోది పదివేల లోపు ఉండి ఉంటే మెకానిక్ కూడా మార్చమనేవాడే.

కుర్రాడు చివరికి కొన్నది అడాప్టర్. వోల్టులు పాతదానితో సరిగ్గా సమానం, వాట్లు అంతే లేదా ఎక్కువ, పిన్ను అదే సైజు. చవక డూప్లికేట్లలో గుర్తింపు చిప్ సరిగా పనిచేయనివి ఉంటాయి కనుక, డబ్బులిచ్చే ముందు కౌంటర్ మీదే లాప్‌టాప్ పెట్టి F2 నొక్కించి చూశారు. 65 వాట్లు అని పడింది. విండోస్ తెరుచుకుని, టీ తాగి వచ్చేసరికి 43 కాస్తా 51 అయింది.