ఫొటోలో అద్దె ఒప్పందం, ఫొటోకు అందని చట్టం

జర్మనీలో చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు గది దొరగ్గానే ఇంటికి అగ్రిమెంటు ఫొటోలు పంపిస్తారు. అడ్వాన్సు డబ్బు చాలాసార్లు నాన్న ఖాతాలోంచే వెళ్లాలి కాబట్టి గుంటూరులోనో వరంగల్‌లోనో ఆయన ఆ జర్మన్ కాగితాన్ని ఫోన్లో తర్జుమా చేసుకుని చదువుతారు. మాటలు చాలావరకు అర్థమవుతాయి. కానీ ఆ మాటల వెనకున్న చట్టం మనది కాదు. చిక్కు అక్కడే వస్తుంది.

మనం మొదట వెతికేది గడువు తేదీ. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు తప్పుతుందని మన దగ్గర 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. జర్మన్ కాగితంలో మొదలయ్యే తేదీ ఉండి, ముగిసే తేదీ కనిపించకపోతే పేజీ ఫొటోలో తెగిపోయిందనుకుంటాం. తెగిపోలేదు. అక్కడ మామూలు ఇంటి అద్దెకు గడువు ఉండకపోవడమే రివాజు. గడువు పెట్టాలంటే ఓనరుకో ఆయన కుటుంబానికో ఆ ఇల్లు అవసరమవుతుందనో, పెద్ద మరమ్మతులున్నాయనో, చట్టం ఒప్పుకునే కారణం ఒకటి రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే కాగితం మీద తేదీ ఉన్నా ఆ అద్దె గడువు లేనిదిగానే లెక్క. దీనికి మినహాయింపులున్నాయి. విద్యార్థుల హాస్టల్ గదికీ, ఓనరు తానుండే ఇంట్లోనే సామానుతో ఇచ్చే గదికీ ఈ కారణాల నిబంధన వర్తించదు.

ఇక అసలు ప్రమాదకరమైన వాక్యం దగ్గరికి వద్దాం. ఒక అమ్మాయి 2025 అక్టోబరు 1న గదిలో చేరిందనుకోండి. అద్దె 420 యూరోలు, నీళ్లు, హీటింగ్ వగైరాలకు ముందస్తుగా 130, మొత్తం నెలకు 550. అగ్రిమెంటులో ఒక చోట, ఏడాదిపాటు ఇద్దరూ ఖాళీ నోటీసు హక్కు వదులుకుంటున్నారని ఉంది. నాన్న దీన్ని మన 'లాకిన్' అనుకుంటారు. సెప్టెంబరు 30తో ఏడాది నిండుతుంది, అమ్మాయి తాళాలిచ్చి వచ్చేయవచ్చు అని ఆయన లెక్క.

అలా కుదరదు. గడువు లేని అద్దె దానంతటది ముగియదు, నోటీసు ఇవ్వాల్సిందే. నెల మూడో పనిదినంలోగా ఇస్తే ఆ నెలా, తర్వాతి రెండు నెలలూ గడిచాక ముగుస్తుంది. ఇక్కడ ఆ వాక్యం ఎలా రాశారన్నది డబ్బు ప్రశ్న. 'ఏడాది ముగిసే రోజుకు ఖాళీ చేసేలా నోటీసు ఇవ్వవచ్చు' అని ఉంటే 2026 జులై 3లోగా ఇచ్చి సెప్టెంబరు 30న బయటపడవచ్చు. 'ఏడాది పూర్తయ్యాకే నోటీసు ఇవ్వవచ్చు' అని ఉంటే అక్టోబరు మొదట్లో ఇవ్వాలి, డిసెంబరు 31 దాకా అద్దె కట్టాలి. తేడా మూడు నెలలు, అంటే 1,650 యూరోలు. దీనికి తోడు ఇవి చాలావరకు అచ్చు ఫారాలు. ఒకే విషయానికి రెండు మూడు ప్రత్యామ్నాయాలుంటాయి, వర్తించేదాని పక్కన గళ్లో టిక్కు పెడతారు. ఫొటోలో ఎడమ అంచు తెగితే టిక్కు పోతుంది, అన్నీ వర్తిస్తాయన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి నాలుగు అంచులూ కనిపించే ఫొటో మళ్లీ అడగండి.

రంగులేయడం గురించి రాసిన వాక్యానిది ఇంకో తీరు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్సులో కోసుకోవడం మన ఊళ్లలో చాలాచోట్ల మామూలే కాబట్టి, 'గోడల రంగు బాధ్యత అద్దెదారుదే' అని చదివి తల ఊపేస్తాం. కానీ అక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2015 మార్చిలో ఒక మాట తేల్చింది. ఇంటిని రంగులేయకుండా అప్పగించి, అందుకు తగిన పరిహారం ఇవ్వకుండా, అచ్చు ఫారంలో ఆ భారం అద్దెదారు మీద పెడితే ఆ షరతు చెల్లదు. సంతకం పెట్టినా చెల్లదు. అప్పుడు పనికొచ్చే రుజువు అగ్రిమెంటు కాదు, చేరిన రోజు గోడలెలా ఉన్నాయో రాసుకున్న అప్పగింత పత్రం. నన్నడిగితే ఇంటికి ముందుగా పంపాల్సిన ఫొటో దానిదే.

అడ్వాన్సు మాత్రం తేలిక. హీటింగ్ వగైరా ఖర్చులు కలపని అద్దెకు మూడింతలు మించకూడదు. ఈ అమ్మాయికైతే 1,260 యూరోలు. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు చట్టంలోనే ఉంది, అగ్రిమెంటులో ఆ మాట లేకపోయినా సరే.

చివరగా ఒక హెచ్చరిక. ఇక్కడ ఓనరుకు వాట్సాప్‌లో 'వచ్చే నెల ఖాళీ చేస్తున్నామండీ' అని పెడితే చాలాసార్లు పని జరిగిపోతుంది. జర్మనీలో ఇంటి ఖాళీ నోటీసు కాగితం మీద, చేతి సంతకంతో ఓనరుకు చేరాలి. వాట్సాప్ సందేశం, ఈమెయిల్, సంతకం పెట్టిన కాగితానికి తీసిన ఫొటో, ఇవేవీ నోటీసు కిందికి రావు.