వాట్సాప్ మెచ్చుకోలు అప్రైజల్ ఫైలుకు ఎక్కాలంటే

"సూపర్ అమ్మా! నిన్న నువ్వు లేకపోతే మునిగిపోయేవాళ్లం." నెలాఖరు జీతాలు సవ్యంగా పడ్డాక పేరోల్ విభాగంలో మేనేజర్ పంపే సందేశం ఇలాగే ఉంటుంది. అందుకున్న మనిషికి అర్థం పూర్తిగా తెలుసు. అయితే మర్నాటి మార్చిలో అప్రైజల్ ఫైలు తిరగేసే హెచ్‌ఆర్ అధికారికి, రేటింగులు ఖరారు చేసే పై అధికారికి అందులో ఏమీ దొరకదు. నిన్న అంటే ఎప్పుడు, ఏం చేసింది, ఎందులో మునిగిపోయేవారు? ఈ మూడింటికీ జవాబులు రాబట్టి, సాక్ష్యంతో సరిచూసి రాసిందే ప్రశంసా నోటు.

అమెరికా మనస్తత్వవేత్త జాన్ ఫ్లానగన్ 1954లో వివరించిన 'క్రిటికల్ ఇన్సిడెంట్' పద్ధతి దీనికి మూలమనుకోవచ్చు. మనిషి ఎలాంటివాడన్నది కాదు, ఫలానా సందర్భంలో ఏం చేశాడన్నది రాసుకోవాలని ఆ పద్ధతి చెబుతుంది. విశేషణాలు పోయి క్రియలు మిగలాలన్నమాట.

పై సందేశాన్నే ఒక ఊహాత్మక ఉదాహరణగా తీసుకుందాం. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. పాత IFSC కోడ్ల గడువు 2021 మార్చి 31తో ముగిసింది. మేనేజర్ సందేశం ఆ ఏప్రిల్ 30 నాటిది. మొదట ఆ సందేశాన్ని తేదీతో సహా యథాతథంగా భద్రపరచాలి. తర్వాత మేనేజర్‌నే అడగాలి. జీతాల ఫైలులో ఆమె పాత కోడ్లు పట్టుకుందని ఆయన చెబుతాడు. అవి ఎన్నన్నది ఆయనకు గుర్తుండకపోవచ్చు. ఆ లెక్క సవరించిన ఫైలులో, జీతాలు జమ అయ్యాయా లేదా అన్నది బ్యాంకు పంపిన నివేదికలో ఉంటాయి. జ్ఞాపకం మీద ఆధారపడి అంకె వేయకూడదు. ఎక్కడా దొరకని అంకెను వదిలేయడమే మేలు.

అప్పుడు నోటు ఇలా తయారవుతుంది: "2021 ఏప్రిల్ 29న 380 మంది జీతాల ఫైలును బ్యాంకుకు పంపేముందు పరిశీలిస్తూ, 42 ఖాతాలకు ANDBతో మొదలయ్యే పాత IFSC కోడ్లు ఉన్నట్లు గుర్తించారు. మా తనిఖీ జాబితాలో ఖాతా నంబరు, మొత్తం మాత్రమే ఉన్నాయి. కోడ్ల పరిశీలన లేదు. అకౌంట్స్ సహోద్యోగి సాయంతో బ్యాంకు ఇచ్చిన కొత్త కోడ్లను సరిచూసి, అదే సాయంత్రం సవరించిన ఫైలును ఆమోదానికి పంపారు. ఏప్రిల్ 30న 380 జీతాలూ జమ అయ్యాయి. ఒక్కటీ తిరిగి రాలేదు."

ఈ నోటుకు ప్రాణం రెండో వాక్యం. అది లేకపోతే, "ఫైలు చూడటం ఆమె పనే కదా, ఇందులో గొప్పేముంది?" అని చదివేవారు అడుగుతారు. మామూలుగా ఆశించే పని ఎంతో చెబితేనే అంతకు మించి చేసిందేమిటో కనబడుతుంది. చాలా నోట్లు తేలిపోయేది ఇక్కడే. సహోద్యోగి ప్రస్తావన కూడా మొహమాటానికి పెట్టింది కాదు. ఇద్దరు చేసిన పని ఒకరి ఖాతాలో పడితే, రెండో మనిషి అప్రైజల్ నాడు ఆ నోటే తగాదాకు దారితీస్తుంది.

"42 మంది జీతాలు ఆగిపోకుండా కాపాడారు" అని రాయాలన్న ఉబలాటం సహజమే. కానీ ఆ కోడ్లతో పంపి ఉంటే ఎన్ని తిరిగివచ్చేవో ఎవరూ రుజువు చేయలేరు. జరగనిదాన్ని ఊహించి రాసేకంటే జరిగింది చెప్పి ఆగడం బలమైన రాత. "రాత్రి తొమ్మిదిదాకా కూర్చున్నారు" అన్నదీ అంతే. ఆలస్యంగా ఇంటికెళ్లడం ఫలితం కాదు, కొన్నిసార్లు పని జరగలేదనడానికి గుర్తు కూడా. "ఓపిక గల అమ్మాయి" వంటి మాటలైతే పని కాకుండా మనిషిని తూచినట్టవుతుంది.

నోటు సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. అందులోని పేరు తీసి మరొకరి పేరు పెట్టి చదవాలి. అప్పుడూ అతికినట్టుంటే అది ఇంకా పొగడ్తే.

చిత్తుప్రతి ఎవరు రాసినా, మేనేజర్ చదివి తన మాటగా ఒప్పుకున్నాకే రికార్డుకు పోవాలి. చాలాచోట్ల ఆ ఉద్యోగే చిత్తుప్రతి రాసిస్తుంది, తప్పేమీ లేదు. ఘటన తేదీ, నోటు రాసిన తేదీ విడివిడిగా ఉండాలి. మార్చిలో గుర్తొచ్చి రాసినదానికి ఏప్రిల్ తేదీ వేస్తే, మిగతా నోట్లన్నింటినీ అనుమానించాల్సి వస్తుంది. నోటును ఏడాది లక్ష్యాల్లో దేని కింద పెట్టాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఇక్కడైతే 'జీతాల చెల్లింపులో కచ్చితత్వం' కిందికి వస్తుంది.

ఒక నోటు ఒక ఘటనకే సాక్ష్యం. దానితోనే ఏడాది రేటింగు నిలబడదు. "కుమ్మేశావ్, కీప్ ఇట్ అప్" అన్న సందేశం వెనుక ఏ పని ఉందో పంపిన మేనేజరే చెప్పలేకపోతే, అది ఫోనులో ఉండదగిందే.