తలుపులోంచి వచ్చే పదిన్నర లీటర్ల నీళ్లు

భీమవరం దగ్గర ఒక రొయ్యల వ్యాపారి ఫ్రీజర్ గది కట్టించుకుంటున్నాడనుకుందాం. బయటి కొలతల్లో పొడవు 4 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్లు. గోడలకు, కప్పుకు, నేలకు 100 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్. లోపల మైనస్ 20 డిగ్రీలు ఉండాలి. బయట 35 డిగ్రీల ఎండ, గాలిలో 60 శాతం తేమ. రోజూ 500 కిలోల సరుకు లోపలికి వస్తుంది. దీనికి ఎంత మెషీను కావాలో తేల్చడమే లోడ్ లెక్క. వేడిని కూడా కరెంటులాగే యూనిట్లలో కొలుద్దాం, పోల్చుకోవడానికి తేలిగ్గా ఉంటుంది. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు వచ్చే వేడి.

గోడలు పెద్దవే, లెక్క మాత్రం చిన్నది

గోడలు, కప్పు కలిపి 47 చదరపు మీటర్లు. లోపలికీ బయటికీ తేడా 55 డిగ్రీలు. 100 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్, ఒక్కో చదరపు మీటరులో ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు పావు వాట్ (లెక్కలో 0.24) లోపలికి వదులుతుంది. ఈ మూడింటినీ గుణిస్తే 620 వాట్లు. నేల కింద మట్టి 28 డిగ్రీలుంటుందనుకుంటే అక్కడినుంచి ఇంకో 140. మొత్తం 760 వాట్లు, అంటే రోజుకు 18 యూనిట్లకు కాస్త పైన. ఇది పగలూ రాత్రీ ఆగకుండా వచ్చే వేడి. కానీ ముందే కచ్చితంగా తెలిసే అంకె ఇదొక్కటే. మిగతావన్నీ మనుషుల అలవాట్లను బట్టి మారతాయి.

500 కిలోల రొయ్యలు: 3 యూనిట్లా, 44 యూనిట్లా?

గదిలోకి వచ్చిన సరుకును గది చలికి దించడాన్ని ఈ పనిలో ఉన్నవాళ్లు పుల్‌డౌన్ అంటారు. ప్లాంటులో గడ్డకట్టించి, వ్యానులో వస్తూ మైనస్ 10కి ఎక్కిన రొయ్యలను మైనస్ 20కి దించాలంటే పెద్ద పనేం కాదు. గడ్డకట్టిన రొయ్య ఒక కిలో ఒక్క డిగ్రీ చల్లబడటానికి సుమారు 2.2 కిలోజౌళ్లు వదులుతుంది. 500 కిలోలు, 10 డిగ్రీలు కలిపితే 11,000 కిలోజౌళ్లు, అంటే 3 యూనిట్లు.

అదే గదిలో ఐస్‌లో ఉన్న 5 డిగ్రీల పచ్చి రొయ్యలు పెడితే లెక్క తలకిందులవుతుంది. రొయ్యలో నాలుగింట మూడొంతులు నీరే. ఆ నీరు మైనస్ 2 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అక్కడ వేడి బోలెడు బయటికి పోతుంటుంది కానీ, సరుకు ఉష్ణోగ్రత మాత్రం చాలాసేపు దిగదు. కిలోకు ఆ వేడే సుమారు 250 కిలోజౌళ్లు. గడ్డకట్టకముందు చల్లబడేందుకు మరో 25, గడ్డకట్టాక మైనస్ 20కి చేరేందుకు ఇంకో 40. అన్నీ కలిపి 500 కిలోలకు దాదాపు 44 యూనిట్లు. గోడలన్నీ రోజంతా తెచ్చే వేడికి ఇది రెండింతలకు పైనే.

నిలవ ఉంచే గదికీ, గడ్డకట్టించే గదికీ తేడా ఇక్కడే ఉంది. పచ్చి సరుకు పెట్టిన రోజు కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. థర్మామీటరు మాత్రం మైనస్ 8, మైనస్ 9 దగ్గర కదలకుండా కూర్చుంటుంది. అది చూసి మెషీన్ పాడైందనుకుని గ్యాస్ నింపించేవాళ్లున్నారు. మెషీనుకు ఏమీ కాలేదు, దానికి అప్పగించని పని మీద పడింది, అంతే. అలా నెమ్మదిగా గడ్డకట్టిన రొయ్యలో మంచు పలుకులు పెద్దవై కండను చీలుస్తాయి. కరిగించినప్పుడు నీరు కారి బరువు తగ్గుతుంది. పక్కనే ముందునుంచీ ఉన్న మంచి సరుకు కూడా వేడెక్కుతుంది. పచ్చి రొయ్యలకు మైనస్ 35, మైనస్ 40 డిగ్రీల గాలి వేగంగా వీచే బ్లాస్ట్ ఫ్రీజర్ విడిగా ఉండాల్సిందే.

ఇంకో సంగతి కూడా ఉంది. 3 యూనిట్లన్నది రోజంతా పంచితే వచ్చే మాట. సరుకు ఆరు గంటల్లోనే చల్లబడాలని వ్యాపారి పట్టుబడితే, ఆ ఆరు గంటలూ సరుకు లోడు నాలుగింతలని రాసుకోవాలి. ఎంత సరుకు వస్తుందని అడిగి ఊరుకోకూడదు, ఎన్ని గంటల్లో చల్లబడాలో కూడా అడగాలి.

అరనిమిషంలో గదిలో గాలంతా మారిపోతుంది

చల్లటి గాలి బరువు. తలుపు తీయగానే అది గడప మీదుగా నీళ్లలా బయటికి జారిపోతుంది, ఆ ఖాళీలోకి పైసగం నుంచి వేడిగాలి దూరుతుంది. తలుపు దగ్గర నిలబడితే పాదాలకు చలి తగులుతుంది, ముఖానికి తగలదు. ఈ ప్రవాహాన్ని లెక్కగట్టే సూత్రాన్ని గోస్నీ, ఒలామా అనే ఇద్దరు 1975లో ఇచ్చారు. కోల్డ్ రూమ్ లెక్కల్లో ఈనాటికీ అదే వాడుకలో ఉంది.

మన గది తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు, ఎత్తు 2 మీటర్లు అనుకుంటే, ఆ సూత్రం ప్రకారం సెకనుకు సుమారు ఒక కిలో గాలి చేతులు మారుతుంది. ఈ గదిలో ఉన్న గాలి మొత్తం తూస్తే 34 కిలోలే. అంటే అరనిమిషం దాటేసరికి లోపలి చలిగాలి దాదాపు అంతా బయటికి పోయినట్టే. గది వేడెక్కేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి అసలులో కొంచెం ఎక్కువసేపు పడుతుంది. అయినా, సరుకు మోసేటప్పుడు తలుపు బార్లా తీసి ఉంచితే ఏం జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రతి తలుపు తీతనూ గడియారం పట్టుకుని కొలవలేం. అందుకే గది సైజునుబట్టి రోజుకు ఇన్నిసార్లు గాలి మారుతుందని పట్టికలున్నాయి. ఇంత చిన్న ఫ్రీజరుకు 15 సార్లని తీసుకుందాం. 34 కిలోల గాలి 15 సార్లంటే 510 కిలోలు. భీమవరం గాలి ఒక్కో కిలో మైనస్ 20కి దిగేసరికి 109 కిలోజౌళ్లు వదులుతుంది. మొత్తం 15 యూనిట్లకు పైన.

ఆ 109లో సుమారు సగం వేడి, గాలి చల్లబడటంవల్ల వచ్చింది కాదు. దానిలోని తేమ నీరుగా మారడంవల్ల వచ్చింది. 35 డిగ్రీల్లో 60 శాతం తేమ ఉన్న గాలి కిలోకు 21 గ్రాముల ఆవిరి మోస్తుంది. మైనస్ 20 గాలి ఒక గ్రాము కూడా మోయలేదు. తక్కిన 20 గ్రాముల పైచిలుకంతా కాయిల్ మీద మంచుగా పేరుకోవాల్సిందే. 510 కిలోల గాలికి అది పదిన్నర కిలోలు! ఆ నీరు మంచుగా మారేటప్పుడు ఇంకో యూనిట్ వేడి వదులుతుంది. అదీ కలిపితే తలుపు ఖాతా సుమారు 16 యూనిట్లు, అంటే గోడలన్నింటి ఖాతాకు దాదాపు సమానం. ప్లాస్టిక్ స్ట్రిప్ కర్టెన్ ఇందులో పెద్ద భాగాన్ని ఆపుతుంది. పట్టీలు విరిగాయని కట్టిపడేసినా, దారికి అడ్డమని పక్కకు తోసేసినా ఆ ఆదా పోతుంది.

చలిలో మనిషి ఎక్కువ వేడి ఇస్తాడు

272 లోంచి గది ఉష్ణోగ్రతకు ఆరు రెట్లు తీసేస్తే, లోపల పనిచేసే మనిషి ఇచ్చే వేడి వాట్లలో వస్తుంది. మైనస్ 20లో తీసివేత కూడిక అవుతుంది కాబట్టి 392 వాట్లు. ఇద్దరు గంటసేపు పనిచేస్తే 0.8 యూనిట్లు. లైట్లతో కలిపి ఒకటి అనుకోవచ్చు. కాయిల్ ఫ్యాన్లు 200 వాట్లయితే 20 గంటలకు 4 యూనిట్లు.

ఫ్రీజర్ గదిలో హీటర్

కాయిల్ రేకుల మధ్య మంచు పేరుకుంటే గాలికి దారి ఉండదు. అందుకే రోజుకు కొన్నిసార్లు కంప్రెసర్ ఆపి, కాయిల్‌కు అమర్చిన హీటరుతో మంచు కరిగిస్తారు. డీఫ్రాస్ట్ అంటే ఇదే. రెండున్నర కిలోవాట్ల హీటర్ రోజుకు నాలుగుసార్లు, 25 నిమిషాల చొప్పున వెలిగితే 4 యూనిట్లకు పైన.

కాయిల్ చలికి మైనస్ 26 దగ్గరున్న పదిన్నర కిలోల మంచును సున్నాకు తెచ్చి కరిగించడానికి కావాల్సింది మాత్రం 1.1 యూనిట్లే. ఆ వేడి నీళ్లతోపాటు డ్రెయిన్ పైపులోంచి బయటికి పోతుంది. మిగిలిన 3 యూనిట్లు కాయిల్ రాగిని, అల్యూమినియాన్ని, చుట్టూ ఉన్న గాలిని వేడిచేసి గదిలోనే ఉండిపోతాయి. వాటిని మళ్లీ మెషీనే బయటికి లాగాలి. తలుపులోంచి వచ్చిన తేమకు మంచుగా గడ్డకట్టేటప్పుడు ఒకసారి, కరిగించేటప్పుడు ఇంకోసారి, ఆ కరిగించిన వేడిని తోడేసేటప్పుడు మూడోసారి ఖర్చు పెడుతున్నామన్నమాట.

అందుకే మంచు కరిగాక హీటరు ఒక్క నిమిషం కూడా వెలగకూడదు. కాయిల్ 10 డిగ్రీలు దాటగానే హీటరును ఆపే థర్మోస్టాట్ ఉంటుంది. అది పాడైతే టైమరు పెట్టినంతసేపూ హీటరు వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు కాయిల్ మీది నీరు ఆవిరై పైకి లేస్తుంది. కాయిల్ పైన కప్పుకు, ఫ్యాన్ జాలీకి తెల్లటి మంచు అంటుకుని కనిపిస్తే అనుమానించాల్సింది మొదట ఈ థర్మోస్టాట్‌నే. డీఫ్రాస్ట్ అవగానే ఫ్యాన్లు తిరిగినా ఇదే గతి, తడి చుక్కలు సరుకు మీద చిమ్ముతాయి. కాయిల్ మళ్లీ చల్లబడేదాకా ఫ్యాన్లు ఆగాలి.

24 గంటల లోడును 18 గంటలతో భాగించాలి

గోడలు, నేల 18, సరుకు 3, తలుపు 16, ఫ్యాన్లు 4, మనుషులు, లైట్లు 1, డీఫ్రాస్ట్ 3. దశాంశాలు కలుపుకుంటే 46కు దగ్గర. పది శాతం జాగ్రత్తకు వేస్తే 50 యూనిట్లు. 24తో భాగిస్తే 2.1 కిలోవాట్లు వస్తుంది, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. డీఫ్రాస్టులకూ, నీరు కారి ఆరడానికీ మెషీన్ రోజుకు రెండు గంటలు ఆగే ఉంటుంది. దానికి కొంత వెసులుబాటు కలిపి, కరెంటు డీఫ్రాస్ట్ ఉన్న ఫ్రీజరుకు 18 గంటలే పని అని లెక్కిస్తారు. అప్పుడు 2.8 కిలోవాట్లు కావాలి. పచ్చి రొయ్యలు పెట్టేట్టయితే అదే లెక్కలో 5.3.

2.8 కిలోవాట్లంటే టన్నుల్లో 0.8. ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ ఉందిగా, అందులో సగమే కదా అనిపిస్తుంది. ఏసీ కాయిల్ సున్నాకు పైన పనిచేస్తుంది. ఇక్కడ కాయిల్ మైనస్ 26లో ఉండాలి. కాయిల్ ఎంత చల్లగా ఉంటే కంప్రెసర్ లాగే గ్యాస్ అంత పలచబడుతుంది, అదే మెషీన్ చేసే పని బాగా పడిపోతుంది. కాబట్టి మెషీన్ కొనేటప్పుడు పేరు మీది టన్నులు చూస్తే చాలదు. మైనస్ 26 దగ్గర, బయట 35 దాటిన ఎండలో ఎన్ని కిలోవాట్లు ఇస్తుందో కంపెనీ పట్టికలో చూడాలి.

డ్రెయిన్ కింద బకెట్

గది నడుస్తుండగా ఈ లెక్క సరిచూసుకోవడానికి మీటర్లేం అక్కర్లేదు. డ్రెయిన్ పైపు కింద ఒక బకెట్ పెట్టి, 24 గంటల నీళ్లు కొలిస్తే చాలు. పది లీటర్ల చుట్టూ వస్తే తలుపు మనం అనుకున్నట్టే నడుస్తోంది. ఇరవై వస్తే తలుపు రబ్బరు బీడింగు చిరిగిందో, పనివాళ్లు తలుపు తీసి ఉంచుతున్నారో చూడాలి. కవరు లేకుండా పెట్టిన రొయ్యల నుంచి ఆరిన తేమ కూడా ఆ నీళ్లలో ఉంటుంది, అదంతా అమ్ముకోవాల్సిన బరువు. మూడు లీటర్లే వచ్చి, కాయిల్ తెల్లగా మంచు కట్టి ఉంటే డీఫ్రాస్ట్ పూర్తవడం లేదు, లేదా డ్రెయిన్ పైపు గడ్డకట్టింది. ఈ కొలత మబ్బు పట్టిన ఆగస్టులో ఒకసారి, పొడి గాలి ఉండే జనవరిలో ఇంకోసారి తీసి గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఎందుకంటే ఒకే తలుపు, ఒకే పనివాళ్లు అయినా ఆ రెండు అంకెలు ఒకటి కావు.