పెన్‌డ్రైవ్‌లోకి వచ్చినా తెరుచుకోని ఆట

ఒకాయన ప్లేస్టేషన్ 4లో ‘ఎల్డెన్ రింగ్’ 130 గంటలు ఆడారనుకుందాం. ఒక్కో రాక్షసుడి చేతిలో ఇరవై ముప్ఫై సార్లు చచ్చి, లేచి, 120వ లెవెల్ దాకా వచ్చారు. ఈలోగా మంచి కంప్యూటర్ ఒకటి కొన్నారు. అదే ఆట అందులోనూ దొరుకుతుంది. మళ్లీ మొదటి నుంచి ఎందుకని సేవ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి కంప్యూటర్‌కు పెట్టారు. అందులో CUSA అనే అక్షరాలు, వాటి పక్కన ఐదంకెలు ఉన్న ఫోల్డర్ కనిపించింది. లోపల రెండు ఫైళ్లున్నాయి. కంప్యూటర్‌లో ఆట మాత్రం ఆ రెండింటినీ అసలు గుర్తించలేదు.

ఆట ఒకటే. తయారుచేసింది ఒకటే కంపెనీ, జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్. 2022 ఫిబ్రవరిలో రెండు రూపాలూ ఒకే రోజు విడుదలయ్యాయి. మరి తేడా ఎక్కడ వచ్చింది? చాలామంది ఆటలోనే ఏదో తేడా ఉందనుకుంటారు. ఈ ఆట విషయంలో ఆ తేడా చాలా చిన్నది. పెద్ద అడ్డంకి ఆటకు బయట, కన్సోల్ దగ్గరే ఉంది.

ఆ రెండు ఫైళ్లలో పెద్దది సేవ్. దాన్ని మొత్తంగా ఎన్‌క్రిప్ట్ చేశారు కాబట్టి తెరిచి చూస్తే అర్థంలేని బైట్లే కనిపిస్తాయి. చిన్నది .bin తో ముగుస్తుంది, వంద బైట్లు కూడా ఉండదు. పెద్దదాన్ని తెరిచే తాళంచెవి ఇందులోనే ఉంది. తాళంచెవిని తాళం పక్కనే పెట్టారేమిటి అనిపిస్తుంది. కానీ ఆ తాళంచెవికే ఇంకో సీలు వేశారు. దాన్ని విప్పగలిగేది ప్లేస్టేషన్ లోపలి రహస్య భాగం ఒక్కటే. పైగా సేవ్ మీద ఖాతా నంబరు కూడా రాసి ఉంటుంది. మీ సేవ్‌ను స్నేహితుడి ఖాతాలోకి కాపీ చేస్తే అతని కన్సోల్ కూడా ఒప్పుకోదు. అంటే ఈ కట్టుదిట్టం కంప్యూటర్ కోసమని ప్రత్యేకంగా పెట్టింది కాదు. ఆ రకం కన్సోల్‌లో, ఆ ఖాతాకు తప్ప ఇంకెవరికీ అది తెరుచుకోదు.

ఇంత జాగ్రత్త ఎందుకో తెలియాలంటే 2008లో నింటెండో వీ కన్సోల్‌కు ఏం జరిగిందో చూడాలి. ‘జెల్డా: ట్వైలైట్ ప్రిన్సెస్’ ఆటలో నాయకుడికి ఒక గుర్రం ఉంటుంది. దాని పేరు ఎపోనా. కావాలంటే ఆటగాడు ఆ పేరు మార్చుకోవచ్చు. ఆ పేరు సేవ్ ఫైలులో ఉంటుంది. పేరు ఎంత పొడుగుందో కొలవకుండానే ఆట దాన్ని చదివేసేది. కొందరు హ్యాకర్లు సేవ్ ఫైలులో ఆ పేరు స్థానంలో అంతులేనంత పొడుగు బైట్ల వరుస పెట్టారు. పేరుకు కేటాయించిన చోటు నిండిపోయి, మిగతా బైట్లు పక్కనున్న జ్ఞాపకంలోకి పొర్లి, ప్రాసెసర్ తర్వాత ఏ ఆజ్ఞ పాటించాలో అదీ మారిపోయింది. ఎస్‌డీ కార్డులో తాము రాసుకున్న ప్రోగ్రామ్‌ను వీ చేత నడిపించారు. ‘ట్వైలైట్ హ్యాక్’ అని దానికి పేరు. గుర్రం పేరు కన్సోల్ తలుపు తెరిచింది! అంతకుముందు మొదటి ఎక్స్‌బాక్స్‌ను కూడా ‘మెక్‌అసాల్ట్’ వంటి ఆటల సేవ్‌లతోనే ఇలా తెరిచారు.

కన్సోల్ తయారీదారుకు సేవ్ ఫైలంటే భయం అందుకే. బయటి నుంచి లోపలికి వచ్చే ఏ ఫైలైనా అనుమానించాల్సిందే. ట్రోఫీలు, ఆన్‌లైన్ పోటీలు కూడా మోసానికి గురికాకూడదని ఇంకో లెక్క ఉంది. కంప్యూటర్ సంగతి వేరు. అక్కడ యజమాని మీరే. ఏ ప్రోగ్రామ్ నడపాలన్నా గుర్రం పేరుతో పని లేదు. అందువల్ల విండోస్ ఆట సేవ్‌కు తానై తాళం వేయదు. వేయాలో వద్దో ఆట తయారీదారు ఇష్టం. ఇదే కంపెనీ ‘డార్క్ సోల్స్ 3’ కంప్యూటర్ సేవ్‌ను ఏఈఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసింది. కానీ ఆట తన సేవ్‌ను తానే చదువుకోవాలి కాబట్టి తాళంచెవి ఆట ప్రోగ్రామ్‌లోనే దాచాల్సి వచ్చింది. వెతికినవాళ్లకు అది దొరికింది. ‘ఎల్డెన్ రింగ్’ దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ సేవ్‌కు ఆ తాళం కూడా వేయలేదు.

మన ఆటగాడి దగ్గరికి వద్దాం. మొదటి మెట్టు ప్లేస్టేషన్ తాళం విప్పడం. ఇంట్లో కంప్యూటర్ ఒక్కదానితో అయ్యే పని కాదిది. రక్షణ తొలగించిన ప్లేస్టేషన్ ఒకటి కావాలి. లేదంటే సేవ్‌ను తమ సర్వర్‌కు పంపించుకుని విప్పి ఇచ్చే డబ్బు సేవలను ఆశ్రయించాలి. రెండూ కన్సోల్ కంపెనీ నిబంధనలకు విరుద్ధమే, ఖాతా పోయే ప్రమాదం ఉంది. జపాన్‌లోనైతే 2018లో చట్టం సవరించాక సేవ్‌లు మార్చే సాధనాలు అమ్మడం, ఆ పని సేవగా చేసిపెట్టడం నేరం. ఒక చిన్న వెసులుబాటు ఏమిటంటే ఆయన ఆడింది ప్లేస్టేషన్ 4 రూపం. అదే ప్లేస్టేషన్ 5 రూపమైతే సేవ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడమే కుదరదు. డబ్బు కట్టి క్లౌడ్‌లో దాచుకోవడమే దారి.

తాళం విప్పాక memory.dat అనే ఫైలు బయటపడుతుంది. ఇక్కడి నుంచి పని తేలిక. కంప్యూటర్ రూపంలో సేవ్ పేరు ER0000.sl2, అది ఉండే చోటు ఇది:

```
%APPDATA%\EldenRing\
```

ఆ ఫోల్డర్ లోపల మీ స్టీమ్ ఖాతా నంబరుతో ఇంకో ఫోల్డర్ ఉంటుంది. రెండు ఫైళ్లలోనూ పది పాత్రలకు పది అరలు. ఒక్కో అర 26,21,440 బైట్లు. ప్రాణశక్తి, ఆయుధాలు, ఏ తలుపు తెరిచారు, ఎవరిని చంపారు అన్నీ అక్కడే. అర లోపలి అమరిక రెండింటిలోనూ దాదాపు ఒకటే.

దీనికి కారణం ప్లేస్టేషన్ 4 గుండెకాయ. అందులో ఉన్నది ఏఎండీ కంపెనీ ప్రాసెసర్, మన కంప్యూటర్ల కుటుంబమే. రెండూ అంకెలను ఒకే క్రమంలో రాస్తాయి. అన్ని కన్సోళ్లూ అలా ఉండవు. పాత శాసనాల్లో శక సంవత్సరాన్ని మాటల్లో చెప్పేటప్పుడు ఒకట్ల స్థానం ముందు చెప్పి, కుడి నుంచి ఎడమకు లెక్క కట్టుకోమనేవారు. ఆ సంగతి తెలియకుండా చదివితే సంవత్సరం తలకిందులవుతుంది. యంత్రాల్లోనూ ఇలాగే రెండు సంప్రదాయాలున్నాయి. ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ 2017లో వీ యూ, స్విచ్ అనే రెండు కన్సోళ్లకు వచ్చింది. ఆటగాడి దగ్గర 1000 రూపీలు ఉంటే (అందులో డబ్బు పేరు అదే) వీ యూ వాటిని 00 00 03 E8 అని నాలుగు బైట్లలో రాస్తుంది. స్విచ్ E8 03 00 00 అని రాస్తుంది. తిప్పకుండా ఒకదాన్ని ఇంకోదానికిస్తే ఆ వెయ్యి 389,25,10,720 అవుతుంది. అలాగని ఫైలంతా గుడ్డిగా తిప్పితే పేర్లలోని అక్షరాలు చెదిరిపోతాయి. ఏది అంకె, ఏది అక్షరం అన్నది తెలిసి తిప్పాలి. ‘ఎల్డెన్ రింగ్’కు ఈ బాధ లేదు.

మిగిలినవి రెండు తేడాలు. కంప్యూటర్ ఫైలులో ప్రతి అర ముందూ 16 బైట్ల గుర్తు ఒకటి ఉంటుంది. అర మొత్తాన్నీ ఎమ్‌డీ5 అనే లెక్కలో వేస్తే వచ్చే వేలిముద్ర అది. అరలో ఒక్క బైటు మారినా వేలిముద్ర సరిపోదు, సేవ్ చెడిపోయిందని ఆట పక్కన పెట్టేస్తుంది. ప్లేస్టేషన్ ఫైలులో ఈ గుర్తే లేదు. ఆ కాపలా పని కన్సోల్ ఎలాగూ చూసుకుంటోంది కదా. రెండోది యజమాని నంబరు. కంప్యూటర్ సేవ్‌లో స్టీమ్ ఖాతా నంబరు ఎనిమిది బైట్లుగా ప్రతి పాత్ర అరలోనూ, పాత్రల పేర్లు, లెవెళ్లు జాబితాగా ఉండే ఉమ్మడి అరలోనూ రాసి ఉంటుంది. ఒక చోట మార్చి ఇంకో చోట మరిచిపోతే సేవ్ తెరుచుకోదు.

అందుకే అనుభవమున్నవాళ్లు ప్లేస్టేషన్ ఫైలును మార్చి కంప్యూటర్ ఫైలుగా చేయరు. ముందు కంప్యూటర్‌లో ఆట మొదలుపెట్టి, ఏదో ఒక పేరుతో కొత్త పాత్రను చేసి, ఐదు నిమిషాలు ఆడి బయటికొస్తారు. సరైన స్టీమ్ నంబరుతో, సరైన చట్రంతో ఒక ER0000.sl2 తయారవుతుంది. దాని నకలు వేరే చోట భద్రం చేస్తారు. తర్వాత ఆ పాత్ర అరను తీసేసి, ప్లేస్టేషన్ నుంచి తెచ్చిన అరను అక్కడ కూర్చోబెట్టి, స్టీమ్ నంబరు రాసి, ఉమ్మడి అరలో పేరు, లెవెలు సరిచేసి, అన్నిటికన్నా చివర వేలిముద్రలు కొత్తగా లెక్కగడతారు. వేలిముద్ర ముందే లెక్కగట్టి తర్వాత నంబరు మార్చడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. ఆటాభిమానులు రాసిన సేవ్ ఎడిటర్లు ఈ వరుసంతా తామే చూసుకుంటాయి. మొదటి అర వేలిముద్ర సరిపోయిందో లేదో మనమే చూడాలంటే పైథాన్‌లో నాలుగు వరుసలు చాలు:

```
import hashlib
f = open("ER0000.sl2", "rb").read()
slot = f[0x310:0x310 + 0x280000]
print(f[0x300:0x310] == hashlib.md5(slot).digest())
```

True వస్తే అర చెక్కుచెదరలేదన్నమాట. False వస్తే ఆట తెరవక ముందే తప్పు దొరికింది. అరలు సరిగ్గా ఉండి, మెనూలో మాత్రం పాత్ర కనిపించకపోతే తప్పు ఉమ్మడి అరలో ఉంది. స్టీమ్ క్లౌడ్‌ను ఆపకుండా ఈ పని చేస్తే పాత సేవ్ మళ్లీ దిగి మీ కష్టాన్ని తుడిచేయవచ్చు. దాన్ని ముందే ఆపాలి.

ఆట తయారీదారు తలుచుకుంటే ఈ తతంగమేదీ అక్కర్లేదు. ‘ది విచర్ 3’ ఆటకు 2022 డిసెంబర్‌లో ఒక అప్‌డేట్ వచ్చింది. ఆటగాడు కన్సోల్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకే జీఓజీ ఖాతాతో చేరితే, ఆటే సేవ్‌ను సర్వర్‌కు పంపుతుంది, అవతలి వైపు ఆటే దించుకుంటుంది. కన్సోల్ తాళం ఎక్కడా పగలదు. ఎందుకంటే సేవ్‌ను పంపేది తాళం లోపలే ఉన్న ఆట, బయటి మనిషి కాదు. ‘ఎల్డెన్ రింగ్’లో ప్లేస్టేషన్ 4 నుంచి 5కు వెళ్లే దారి మాత్రమే పెట్టారు, అదీ ఒకవైపే. కంప్యూటర్ వైపు దారి వేయలేదు. అర లోపలి అమరిక అంత దగ్గరగా ఉన్నప్పుడు ఆ దారి వేయడం వాళ్లకు పెద్ద పని కాదని, వేసి ఉండాల్సిందని నా అభిప్రాయం. 130 గంటలు ఆటగాడివే.

అన్నీ కుదిరి మన ఆటగాడి పాత్ర కంప్యూటర్‌లో లేచి నిలబడిందనుకుందాం. ఆయుధాలూ లెవెలూ వచ్చాయి. ట్రోఫీలు రాలేదు. అవి సేవ్‌లో ఉండవు, ప్లేస్టేషన్ ఖాతాలో ఉంటాయి. 2024లో వచ్చిన ‘షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ’ అనే అదనపు కథను ప్లేస్టేషన్‌లో కొన్నా, కంప్యూటర్‌కు మళ్లీ కొనాలి. పాత్ర ఆ కథా ప్రాంతంలో నిలబడి ఉండగా సేవ్ తీయకుండా, మొదటి నుంచీ ఉన్న ప్రాంతంలోకి వెనక్కి వచ్చి తీయడం మంచిది. ఇంటర్నెట్‌కు కలపకుండా ముందు ఒక గంట ఒంటరిగా ఆడి, ఆగి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి చూడాలి. ఆట తన చేత్తో రాసిన కొత్త సేవ్ మళ్లీ తెరుచుకున్నప్పుడే పాత ప్లేస్టేషన్‌ను అమ్మకానికి పెట్టడం గురించి ఆలోచించవచ్చు.