సహోద్యోగిని మేనబావ

హైదరాబాదులో ఒక బ్యాంకు ఉద్యోగినికి వివాహ సంబంధాల వెబ్‌సైటు ద్వారా ఒక యువకుడు పరిచయమయ్యాడు. అతడు తన పక్క సీటులోని సహోద్యోగినికి మేనత్త కొడుకని ఆమెకు మూడవ సంభాషణలో తెలిసింది. రహస్యంగా వాకబు చేద్దామా అనుకున్నది గాని, బంధువర్గంలో అటువంటి వాకబు సాయంకాలానికే అవతలి ఇల్లు చేరుతుంది. పైగా మేనత్త కొడుకంటే వరస కుదిరే బావ. ఒకప్పుడు ఆ ఇంట మేనరికం మాట వచ్చి ఉంటే, ఆ ప్రశ్న పాత గాయాన్ని రేపుతుంది.

అందుచేత ముందు అతనినే అడిగింది. అటువంటి ప్రస్తావన ఏనాడూ రాలేదన్నాడు. అతడు సమ్మతించిన తరువాతనే ఆమె సహోద్యోగినితో మాట్లాడి, ఉద్యోగం, కుటుంబ బాధ్యతలు వంటి సంగతులే అడిగింది. "మంచివాడేనా?" అని అడగలేదు. సొంత బావను గురించి ఎవరు మాత్రం కాదనగలరు? ఉద్యోగ వివరాలను వేరుగానూ విచారించుకున్నది.

నెల తరువాత అతడు విదేశంలో స్థిరపడ నిశ్చయించడంతో ఆమె వద్దనుకున్నది. ఆ మాట మొదట అతనికే చెప్పింది. మరునాడు సహోద్యోగినికి, కారణంతో సహా, ఒకే వాక్యంలో. వారం రోజులు భోజన విరామంలో ఇద్దరూ కొంత ముభావంగానే ఉన్నారు.