36 తర్వాత ఏం రాయాలి?

2020 డిసెంబర్ 19. అడిలైడ్‌లో భారత్ రెండో ఇన్నింగ్స్ 36 పరుగులకే ముగిసింది. ఒక్క బ్యాటరూ రెండంకెల స్కోరు చేయలేదు.

అలాంటి రాత్రి కోపంలో ఉన్న కోచ్ ఎవరైనా జట్టుకు ఇలా రాసే అవకాశం ఉంది: ‘సిగ్గుచేటు. ఎవరికీ బాధ్యత లేదు.’ ఇందులో ఆవేశం తప్ప సమాచారం లేదు. పైగా అది నిజమూ కాదు, ఎందుకంటే అదే మ్యాచ్‌లో మన బౌలర్లు ఆస్ట్రేలియాను 191కే ఆలౌట్ చేసి 53 పరుగుల ఆధిక్యం తెచ్చారు.

దాన్నే ఇలా తిరగరాయొచ్చు: ‘36కే కుప్పకూలాం, దాన్ని దాచలేం. కానీ ఆధిక్యం తెచ్చిన బౌలింగూ మనదే. రేపు విశ్రాంతి. ఎల్లుండి నెట్స్‌లో ఆఫ్‌స్టంప్ బయట పడే బంతులను వదలడంపైనే సాధన.’ ఓటమి అంకె ముందే ఉండాలి. చివర్లో పెడితే ఓదార్పు బూటకంలా వినిపిస్తుంది. మెచ్చుకోలుకు స్కోరుకార్డులో ఆధారం ఉండాలి, పేరుపెట్టి నిందించకూడదు.

ఆ 36ను బ్యాడ్జీలా ధరించమని కోచ్ రవిశాస్త్రి అన్నట్లు ఫీల్డింగ్ కోచ్ శ్రీధర్ తర్వాత చెప్పారు. అంకెను దాచకపోవడమే అందులోని నిజాయతీ.

తర్వాతి టెస్టుకు కోహ్లీ లేడు. అయినా బ్యాటింగ్‌ను మాత్రమే పెంచుకోకుండా ఆల్‌రౌండర్ జడేజాను తీసుకున్నారు. హైదరాబాదీ సిరాజ్ అరంగేట్రం చేశాడు. మెల్‌బోర్న్‌లో 8 వికెట్లతో గెలిచారు.